తాళంచెవి పోతే తలుపు తెరిచేదెలా?

పూర్వం మన పెద్దలు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలత్రాటికి కట్టుకునేవారు. చెవి ఒంటిమీద ఉన్నంతవరకు పెట్టెకు భయం లేదు. ఇప్పుడు డబ్బు బ్యాంకులో ఉంది. బిడ్డల ఫోటోలు, పింఛను కాగితాలు ఫోనులో ఉన్నాయి. మరి వీటి తాళంచెవి ఎక్కడుంది?

ఈ మధ్య పలమనేరులో ఒక కమ్యూనిటీ హాలులో చేరిన పెద్దల ముందు ఈ ప్రశ్నే ఉంచాను. "పాస్‌వర్డు" అన్నారు కొందరు. "వేలిముద్ర" అన్నాడొక రిటైర్డు ఉద్యోగి. "అవన్నీ మా అబ్బోడికి తెలుసు, బెంగుళూర్లో ఉండాడు" అన్నదొక పెద్దావిడ నిశ్చింతగా. అక్కడ చెప్పుకున్న మాటలు, పెద్దలు వెలిబుచ్చిన సందేహాలు పాఠకులకు కూడా పనికివస్తాయని ఇక్కడ వ్రాస్తున్నాను.

అసలు చెవి ఏది?

పాస్‌వర్డు తాళంచెవి అనుకుంటాం. కాని ఏ ఖాతాలోనైనా పాస్‌వర్డు అడిగే చోట, దాని క్రిందనే "మరిచిపోయాను" అనే మాట ఒకటి ఉంటుంది. దానిమీద నొక్కితే మీ ఫోను నెంబరుకు కొన్ని అంకెలు వస్తాయి. అవే ఓటీపీ. ఆ అంకెలు చూపినవాడే ఆసామి అని యంత్రం నమ్ముతుంది. చాలాచోట్ల కొత్త పాస్‌వర్డు పెట్టుకోనిస్తుంది. అంటే పాస్‌వర్డు ఒక తాళం మాత్రమే. దాన్ని మార్చగల చెవి మీ ఫోను నెంబరు.

ఇందులో మరొక మెలిక ఉంది. ఆ అంకెలు వచ్చేది ఫోనుకు కాదు, ఫోనులోని సిమ్ముకు. మీ ఫోను తెరవడానికి ఎంత గట్టి గుర్తు పెట్టుకున్నా, దొంగ సిమ్ము ఊడదీసి తన ఫోనులో పెట్టుకున్నాడంటే అంకెలు వాడికే వస్తాయి. దీనికి విరుగుడు సిమ్ముకే ఒక పిన్ను పెట్టడం. ఫోను సెట్టింగులలో "సిమ్ లాక్" అని ఉంటుంది. అప్పుడు సిమ్ము ఏ ఫోనులో పెట్టినా ముందు ఆ పిన్ను అడుగుతుంది. అయితే పెట్టేముందు, అసలు మొదటి పిన్ను ఏమిటో ఫోను కంపెనీవారిని అడిగి తెలుసుకోవాలి. ఊహించి నొక్కకూడదు. మూడుసార్లు తప్పు నొక్కితే పీయూకే అనే మరొక సంఖ్య అడుగుతుంది. అది కంపెనీవారే చెప్పాలి. దాన్ని కూడా పదిసార్లు తప్పు నొక్కితే ఆ సిమ్ము ఇక పనికిరాదు, కొత్తది తెచ్చుకోవలసిందే.

ఫోను పోయిన రోజు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక రిటైర్డు మాస్టారు సోమవారం ఉదయం చిత్తూరు వెళ్ళే బస్సెక్కారు. దిగి చూచుకుంటే జేబులో ఫోను లేదు. ఆయన ఏం చెయ్యాలి?

మొదటి పని, ప్రక్కవారి ఫోను అడిగి తీసుకొని, తన ఫోను కంపెనీకి చెప్పి సిమ్ము ఆపించడం. ఆ వెంటనే బ్యాంకు సహాయ కేంద్రానికి చెప్పి కార్డును, ఫోను చెల్లింపులను ఆపించడం. వరుస ఇదే ఎందుకంటే, సిమ్ము ఆగితే అంకెలు ఆగుతాయి. అంకెలు ఆగితే మిగిలిన తలుపులు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. బ్యాంకు నెంబరు పాస్‌బుక్కులోనో, కార్డు వెనుకనో చూచుకోవాలి. గూగుల్లో వెతికి దొరికిన నెంబరుకు మాత్రం చెయ్యరాదు. బ్యాంకు పేరు పెట్టుకొని మోసగాళ్ళు అక్కడ తమ నెంబర్లు వ్రాసి ఉంచుతారు.

రెండవది, పోలీసు స్టేషనులో ఫిర్యాదిచ్చి దాని నకలు తీసుకోవాలి. మూడవది, ఆధారు కార్డుతో కంపెనీ దుకాణానికి వెళ్ళి అదే నెంబరుతో మరొక సిమ్ము తీసుకోవాలి. ఫిర్యాదు నకలు, కొత్త సిమ్ము చేతికి వచ్చాక sancharsaathi.gov.in లో పోయిన ఫోనును ఆపివేయమని కోరవచ్చు. దానికి ఆ ఫోను ఐఎంఈఐ సంఖ్య కావాలి. అది ఫోను కొన్న పెట్టె మీద, చాలామటుకు బిల్లు మీద ఉంటుంది. ఫోను చేతిలో ఉన్నప్పుడే *#06# అని నొక్కితే తెరమీద కనబడుతుంది. ఈ రోజే వ్రాసి ఉంచుకోండి.

కొత్త సిమ్ము వేసుకున్నారు. మాటలు వినిపిస్తున్నాయి, కాని ఓటీపీ రాదు! ఇక్కడే పెద్దలు కంగారుపడతారు. ఇది చెడిపోవడం కాదు. సిమ్ము మార్చిన తరువాత 24 గంటలపాటు సందేశాలు రాకుండా, పోకుండా ఆపి ఉంచాలని 2022లో టెలికాం శాఖ ఉత్తరువు చేసింది. మీ పేరు చెప్పి మరొకడెవడైనా సిమ్ము తీసుకుంటే, వాడు వెంటనే ఖాతా దోచకుండా చేసిన ఏర్పాటు ఇది. ఫోనుతో డబ్బు చెల్లించే యూపీఐ కూడా ఆ గడువు తీరేవరకు కొత్తగా నమోదు కాదు. ఎందుకంటే నమోదు సమయంలో మీ సిమ్మునుంచే ఒక సందేశం బ్యాంకు పక్షానికి వెళ్ళాలి. కనుక మాస్టారు మంగళవారం దాకా ఓపిక పట్టాలి. "నేను ఇప్పుడే తెరిపిస్తాను, వంద రూపాయలివ్వండి" అనేవాడెవడైనా వస్తే వాడిని నమ్మకూడదు.

"అంతదాకా మందులకు దుడ్డెట్ల సార్?" అని అడిగారొకరు. మంచి ప్రశ్న. ఇక్కడ మూతపడ్డది ఫోను తలుపు మాత్రమే, ఖాతా కాదు. పాస్‌బుక్కు తీసుకొని శాఖకు వెళ్ళి, విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం చేస్తే డబ్బిస్తారు. నెట్ బ్యాంకింగు పాస్‌వర్డు పలుమార్లు తప్పు కొట్టి అది బిగుసుకుపోయినా ఇంతే. శాఖ తలుపు వేరు, ఫోను తలుపు వేరు.

సిమ్ము ఎవరి పేరున ఉంది?

ఇందాకటి పెద్దావిడ అప్పుడు లేచింది. "మా నెంబరు అబ్బోడి పేరుతోనే ఉండాది అయివారూ. ఇప్పుడెట్ల?"

మా ప్రాంతంలో ఇది ఇంటింటి కథ. పిల్లలు బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తారు. సిమ్ము వాళ్ళు కొని తెచ్చి ఇస్తారు. అది పోయిననాడు దుకాణంవారు తల్లి ఆధారు చూచి సిమ్ము ఇవ్వరు. ఎవరి పేరున ఉన్నదో వారే రావాలంటారు. మరికొందరి సంగతి ఇంకా చిక్కు. బ్యాంకులో వ్రాయించినదే కొడుకు నెంబరు. తల్లి ఏటీఎం దగ్గర నిలబడి ఉంటే అంకెలు బెంగుళూరులో మోగుతాయి.

దీనికి రెండు దారులున్నాయి. కొడుకు ఊరికి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి కంపెనీ దుకాణానికి వెళ్ళి సిమ్మును తల్లి పేరుకు మార్పించడం ఒకటి. లేదా తల్లి తన పేరున వేరే సిమ్ము తీసుకొని, పాస్‌బుక్కు, ఆధారులతో శాఖకు వెళ్ళి ఖాతాకు ఆ నెంబరు వ్రాయించడం రెండవది.

అమెరికాలో బిడ్డల దగ్గరకు ఆరు నెలలు వెళ్ళివచ్చే తల్లిదండ్రులకు మరొక ముప్పు ఉంది. సిమ్మును 90 రోజులు ఏ విధంగానూ వాడకపోతే కంపెనీ దాన్ని రద్దు చేయవచ్చు. రద్దయిన నెంబరును మరొక 90 రోజులు గడిచాక వేరొకరికి ఇవ్వవచ్చు. 2023లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన విషయమే ఇది. అప్పుడు మీ బ్యాంకు అంకెలు ముక్కూ ముఖమూ తెలియనివారికి వెళతాయి. కనుక విమానం ఎక్కేముందు తిరిగివచ్చేదాకా సరిపోయే రీచార్జి చేయించండి. వెళ్ళినచోట అప్పుడప్పుడు ఆ సిమ్మును వాడుతూ ఉండండి.

గూగుల్ తలుపు తెరవనప్పుడు

కొత్త ఫోను కొనగానే అది గూగుల్ పాస్‌వర్డు అడుగుతుంది. పాత ఫోనులో ఎవరో ఎప్పుడో పెట్టి ఇచ్చినది, జ్ఞాపకం లేదు. అప్పుడు g.co/recover అనే చోటికి వెళ్ళాలి. ఇది ఇంట్లో కూర్చొని, ఆ ఖాతా ఇదివరకు వాడిన ఫోనులోనో కంప్యూటరులోనో చేస్తే ఫలించే అవకాశం ఎక్కువ. తెలిసిన చోటును, తెలిసిన పరికరాన్ని గూగుల్ గుర్తుపడుతుంది. ఏదో నెట్ సెంటరులో కూర్చుంటే అనుమానిస్తుంది. కొన్నిసార్లు కొన్ని గంటలో, రోజులో ఆగమంటుంది. ఆగాలి.

ఒకవేళ ఎవడో చొరబడి మీ నెంబరు తీసి తనది పెట్టినా వెంటనే ఆశ వదులుకోనక్కరలేదు. నెంబరు మార్చిన 7 రోజుల దాకా పాత నెంబరుకే అంకెలు పంపే వీలు గూగుల్ కల్పించవచ్చు. అందుచేత ఆ వారం దాటనివ్వకూడదు. అసలు ముందే రెండంచెల తాళం పెట్టుకుంటే, గూగుల్ 10 అత్యవసర కోడ్లు ఇస్తుంది. ఒక్కొక్కటి 8 అంకెలు, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. అవి కాగితం మీద ఉంటే, ఫోను లేకపోయినా తలుపు తెరుచుకుంటుంది.

నిజం తాళం, దొంగ తాళం

"మీ ఖాతా ఈ రాత్రికి ఆగిపోతుంది, కేవైసీ చేసుకోండి" అని ఫోను వస్తుంది. ఇది నిజమా, మోసమా తెలుసుకొనేదెలా? నిజంగా తాళం పడితే సాధారణంగా ఆ సంగతి మీరే కనుక్కుంటారు; డబ్బు తియ్యబోతే రాదు, పాస్‌వర్డు కొడితే ఒప్పుకోదు. దొంగ తాళం సంగతి ఎవడో ఒకడు పనిగట్టుకొని చెబుతాడు, వెంటనే విప్పుతానంటాడు. విప్పడానికి ఓటీపీ అడుగుతాడు, లేదా వాట్సాప్‌లో ఒక ఫైలు పంపి ఫోనులో ఎక్కించమంటాడు, లేదా మీ తెర వాడికి కనబడేలా చెయ్యమంటాడు. ఈ మూడింటిలో ఏది వినిపించినా ఫోను పెట్టేసి, తెల్లవారి శాఖకు వెళ్ళి అడగండి. రాత్రికి రాత్రి మునిగిపోయేది ఏమీ లేదు.

పొరపాటున చెప్పేశారనుకోండి, డబ్బు పోయింది. సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి, బ్యాంకుకు చెప్పండి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తరువు ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోతే, బ్యాంకు సందేశం అందిన 3 పనిదినాల లోపల తెలియజేస్తే నష్టం మీది కాదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, తెలియజేసేదాకా పోయినది మీది. తెలియజేసిన తరువాత పోయేది బ్యాంకుది. అంటే తప్పు చేసినవారికి కూడా తెలియజేసిన నిమిషం విలువైనదే. ఆ ఫిర్యాదు నెంబరు, వేళ వ్రాసి పెట్టుకోవాలి.

బీరువాలో ఒక కాగితం

లేచేముందు అందరిచేతా ఒక కాగితం వ్రాయించాను. బ్యాంకు శాఖ, సహాయ కేంద్రం నెంబరు, ఖాతాలో ఉన్న ఫోను నెంబరు, అది ఎవరి పేరున ఉంది, ఫోను ఐఎంఈఐ, గూగుల్ ఖాతా పేరు. ఇంటికి వెళ్ళాక అత్యవసర కోడ్లు చేర్చమన్నాను. ఏటీఎం పిన్ను, యూపీఐ పిన్ను మాత్రం ఇందులో వ్రాయరాదు. ఈ కాగితం ఉండవలసింది బీరువాలో. ఫోను కవరు వెనుక కాదు, పర్సులో అసలే కాదు. ఫోను, పర్సు ఒకే రోజున పోతాయి. బీరువా ఇంట్లోనే ఉంటుంది.

ఆ పెద్దావిడ కాగితంలో "ఎవరి పేరున" అన్న చోట కొడుకు పేరు వ్రాసి, ఒక క్షణం ఆలోచించి, దాని ప్రక్కన "పండక్కి వచ్చినప్పుడు మార్పించాల" అని వ్రాసుకుంది.