పదకొండు శాతం రాబడి, పదిహేడు శాతం ఊగిసలాట

బ్యాంకులో డిపాజిట్ చేస్తే ఏడాదికి ఎంత వడ్డీ వస్తుందో రసీదు మీదే ఉంటుంది. షేరుకు అలాంటి అంకె ఎక్కడా రాసి ఉండదు. కాలం కలిసొస్తే డబ్బు పెరుగుతుంది, కలిసిరాకపోతే అసలుకే ఎసరు వస్తుంది. అందుకే షేరును లెక్కగట్టేవాళ్లు ఒకే జోస్యం చెప్పరు. రాబోయే ఆర్థిక పరిస్థితి మూడు నాలుగు రకాలుగా ఉండవచ్చనుకుని, ఒక్కొక్క దానికి ఎంత అవకాశం ఉంది, అది నిజమైతే షేరు ఎంత ఇస్తుంది అని వరసగా రాసుకుంటారు. ఆ పట్టిక నుంచి రెండు అంకెలు పుడతాయి. మొదటిది ఆశించిన రాబడి. రెండోది స్టాండర్డ్ డీవియేషన్, మన పాఠ్యపుస్తకాల భాషలో క్రమ విచలనం. షేరు ఎంత ఇవ్వవచ్చో మొదటిది చెబితే, ఆ అంచనాకు అటూ ఇటూ ఎంత ఊగవచ్చో రెండోది చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చూడాలని 1952లో ఒక వ్యాసంలో వాదించిన అమెరికా ఆర్థికవేత్త హ్యారీ మార్కోవిట్జ్ 1990లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు.

లెక్క అర్థం కావడానికి ట్రాక్టర్లు తయారుచేసే ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. రైతు చేతిలో డబ్బు ఆడితేనే ట్రాక్టర్ అమ్ముడవుతుంది. కాబట్టి ఈ షేరు జాతకం వానలు, పంట ధరలు, అప్పు దొరికే తీరు మీద ఆధారపడి ఉంటుంది. ఈ రోజు షేరు ధర 500 రూపాయలు. పల్లెల్లో పరిస్థితి బాగుంటే ఏడాది చివరికి ధర 640 అవుతుందని, పైగా 10 రూపాయల డివిడెండ్ వస్తుందని అంచనా. మామూలుగా ఉంటే ధర 550, డివిడెండ్ 10. కరువు వస్తే ధర 395కు పడిపోయి, డివిడెండ్ 5 రూపాయలే దక్కుతుంది.

రాబడి అంటే ధరలో వచ్చిన తేడా ఒక్కటే కాదు, డివిడెండ్ కూడా అందులో భాగమే. బాగున్న ఏడాదిలో చేతికి వచ్చేది 650 రూపాయలు. పెట్టుబడి 500 తీసేస్తే లాభం 150, అంటే 30 శాతం. మామూలు ఏడాదిలో 560 వస్తుంది కాబట్టి రాబడి 12 శాతం. కరువు ఏడాదిలో మిగిలేది 400, అంటే 20 శాతం నష్టం. ఇక అవకాశాల సంగతి. బాగుండటానికి 30 శాతం, మామూలుగా ఉండటానికి 50 శాతం, కరువుకు 20 శాతం అని అంచనా వేశారనుకుందాం. ఈ మూడూ కలిపితే సరిగ్గా 100 రావాలి. రాకపోతే ఏదో ఒక పరిస్థితిని మరిచిపోయినట్టు, లేదా ఒకదాన్నే రెండుసార్లు లెక్కించినట్టు.

| పరిస్థితి | సంభావ్యత | రాబడి |
|---|---|---|
| బాగుంటే | 0.30 | 30% |
| మామూలుగా ఉంటే | 0.50 | 12% |
| కరువైతే | 0.20 | −20% |

ఆశించిన రాబడికి ప్రతి వరసలోని రెండు అంకెలనూ గుణించి, వచ్చిన వాటిని కూడాలి. 0.30 × 30 అంటే 9. 0.50 × 12 అంటే 6. 0.20 × −20 అంటే −4. మొత్తం 11 శాతం. మూడు రాబడులనూ కూడి మూడుతో భాగిస్తే 7.33 వస్తుంది, కానీ అది తప్పు. సగం అవకాశం ఉన్న మామూలు ఏడాదినీ, అయిదో వంతు అవకాశమే ఉన్న కరువునూ ఒకే కాటాలో తూచినట్టవుతుంది.

ఈ 11 శాతం గురించి ఒక మాట గుర్తుంచుకోవాలి. పట్టికలో ఏ వరసలోనూ 11 లేదు. అంటే ఏడాది చివర ఈ షేరు సరిగ్గా 11 శాతం ఇచ్చే పరిస్థితి ఒక్కటీ లేదు. ఇదే అవకాశాలతో ఇలాంటి ఏడాది ఎన్నోసార్లు వస్తే, అన్నింటి సగటు 11 దగ్గర నిలుస్తుందని మాత్రమే దీని అర్థం.

ఊగిసలాటను కొలవడానికి ప్రతి రాబడీ ఈ 11కు ఎంత దూరంలో ఉందో చూడాలి. బాగున్న ఏడాది 19 పైన ఉంది, మామూలు ఏడాది 1 పైన ఉంది, కరువు ఏడాది 31 కింద ఉంది. ఈ దూరాలను ఉన్నవి ఉన్నట్టు అవకాశాలతో గుణించి కూడితే పైవీ కిందవీ చెల్లిపోయి ఎప్పుడూ సున్నాయే వస్తుంది. అందుకే ముందు వర్గం చేస్తారు: 361, 1, 961. వీటిని సంభావ్యతలతో గుణిస్తే 108.3, 0.5, 192.2 వస్తాయి. మొత్తం 301. దీన్ని విస్తృతి అంటారు. అయితే ఇది శాతాల్లో కాదు, శాతాల వర్గాల్లో ఉంది కాబట్టి ఈ అంకె మనసుకు ఎక్కదు. దీనికి వర్గమూలం తీస్తే మళ్లీ శాతాల్లోకి వస్తాం: దాదాపు 17.35 శాతం. అదే క్రమ విచలనం.

301లో 192.2 కరువు వరస నుంచే వచ్చింది. అయిదో వంతు అవకాశం మాత్రమే ఉన్న పరిస్థితి మొత్తం ఊగిసలాటలో దాదాపు మూడింట రెండు వంతులు మోస్తోంది. వర్గం చేయడం వల్ల దూరంగా ఉన్న ఫలితానికి ఇంత బరువు వస్తుంది. ‘కరువు రాదులే’ అని ఆ వరసను పట్టిక నుంచి తీసేస్తే రాబడి పెరిగినట్టు, రిస్కు మాయమైనట్టు కనిపిస్తుంది. నిజానికి మాయమైంది రిస్కు కాదు, పట్టికలోని వరస మాత్రమే.

ఇదే పల్లె పరిస్థితుల్లో సబ్బులు అమ్మే మరో ఊహా కంపెనీ షేరు మూడు వరసల్లో 16, 10, 6 శాతం ఇస్తుందనుకుందాం. ఆశించిన రాబడి 4.8, 5, 1.2 కలిపి ఇక్కడా 11 శాతమే. దూరాలు 5, −1, −5. విస్తృతి 13, క్రమ విచలనం 3.6 శాతం. రాబడి ఒక్కటే చూసేవారికి రెండు షేర్లూ సమానమే. క్రమ విచలనం చూస్తే ట్రాక్టర్ షేరు దాదాపు అయిదింతలు ఎక్కువ ఊగుతుంది. అదే 11 శాతం కోసం అంత ఊగిసలాట భరించమంటే, ఈ రెంటిలో ఒక్కటే కొనాలనుకునేవారు సబ్బుల షేరు వైపే మొగ్గుతారు.

కంప్యూటర్ స్ప్రెడ్‌షీట్‌లో ఈ లెక్క రెండు ఫార్ములాలతో అయిపోతుంది. సంభావ్యతలు B2 నుంచి B4 వరకు, రాబడులు C2 నుంచి C4 వరకు ఉంటే, మొదటి ఫార్ములాను C6లో పెట్టాలి:

```
=SUMPRODUCT(B2:B4, C2:C4)
=SQRT(SUMPRODUCT(B2:B4, (C2:C4-C6)^2))
```

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. క్రమ విచలనానికి సిద్ధంగా ఉన్న `STDEV.S` ఫార్ములాను మూడు రాబడుల మీద నేరుగా వాడతారు. అది గడిచిన ఏళ్ల రాబడుల వంటి నమూనా అంకెల కోసం ఉన్నది. సంభావ్యతలను అది అసలు పట్టించుకోదు. ట్రాక్టర్ షేరుకు దాన్ని వాడితే 25.3 వస్తుంది. ఈ జవాబు తప్పని పట్టేయడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. సంభావ్యతలతో కట్టిన క్రమ విచలనం, అన్నింటికంటే ఎక్కువ రాబడికీ తక్కువ రాబడికీ మధ్య దూరంలో సగాన్ని ఎప్పుడూ దాటదు. ఇక్కడ 30 నుంచి −20 వరకు దూరం 50, అందులో సగం 25. జవాబు 25.3 అంటే లెక్కలో ఏదో పొరపాటు జరిగినట్టే. ఆశించిన రాబడికీ ఇలాంటి పరీక్షే ఉంది: అది ఆ రెండు కొసల మధ్యనే ఉండాలి.

లెక్క తప్పకపోయినా అర్థం చెప్పుకోవడంలో పొరపడవచ్చు. క్రమ విచలనం ఎంత ఉంటే సగటుకు అటూ ఇటూ అంత మేరలో 68 శాతం ఫలితాలు ఉంటాయని చాలామంది విని ఉంటారు. అది గంట ఆకారంలో పరుచుకున్న అంకెలకు వర్తించే సూత్రం. ఇక్కడ 11కు 17.35 కలిపితే 28.35, తీసేస్తే −6.35. ఈ హద్దుల్లో పడేది మామూలు ఏడాది ఒక్కటే. దాని అవకాశం 50 శాతం, 68 కాదు. పైగా ప్రతి పరిస్థితికీ ఒకే ధర వేసుకున్నాం. కరువు ఏడాదిలోనూ ధర 395కు బదులు 350కి దిగవచ్చు, 430 దగ్గర ఆగవచ్చు. ఆ తేడాలు లెక్కలోకి రాలేదు కాబట్టి అసలు ఊగిసలాట 17.35 కంటే ఎక్కువే ఉంటుంది.

అన్నింటికంటే బలహీనమైన చోటు సంభావ్యతల వరస. బాగుండే అవకాశాన్ని 20కి తగ్గించి, కరువును 30కి పెంచితే ఆశించిన రాబడి 11 నుంచి 6 శాతానికి పడిపోతుంది. క్రమ విచలనం మాత్రం 17.35 నుంచి 18.3కే పెరుగుతుంది. పది పాయింట్లు అటు నుంచి ఇటు జరిపితే రాబడి దాదాపు సగమైంది. కాబట్టి ఒకే అంచనాతో ఆగకుండా, సంభావ్యతలను కొంచెం మార్చి మళ్లీ లెక్కించి చూడటం మంచి పద్ధతి.

మరి ఈ సంభావ్యతలు ఎక్కడి నుంచి వస్తాయి? కొన్నిటికి గట్టి ఆధారం దొరుకుతుంది. భారత వాతావరణ శాఖ నైరుతి రుతుపవనాల అంచనాను సంభావ్యతల రూపంలోనూ ఇస్తుంది. దేశంలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసే వానకు దీర్ఘకాలిక సగటు 87 సెంటీమీటర్లు. అందులో 96 నుంచి 104 శాతం కురిస్తే సాధారణం. 2024 ఏప్రిల్‌లో ఆ శాఖ సాధారణ వర్షానికి 29 శాతం, అంతకు మించిన వర్షానికి 61 శాతం, అంతకు తక్కువ వర్షానికి 10 శాతం అవకాశం ఇచ్చింది. ఆ ఏడాది చివరికి 108 శాతం కురిసింది.

పల్లె పరిస్థితి వాన మీదే ఆధారపడుతుందనుకుని ఈ సంభావ్యతలను ట్రాక్టర్ షేరుకు పెడితే, ఆశించిన రాబడి దాదాపు 19.8 శాతం వస్తుంది. నోరూరించే అంకే. కానీ ఆ అంచనా పత్రికల్లో అందరూ చదివిందే. అందరూ కొనడానికి ఎగబడితే ధర 500 దగ్గర ఆగదు. 540కి చేరిందనుకుంటే, ఏడాది చివర చేతికి వచ్చేవి అవే 650, 560, 400 అయినా, రాబడులు 20.4, 3.7, −25.9 శాతం అవుతాయి. ఆశించిన రాబడి 10.9 శాతానికి, అంటే మొదటి చోటికే వచ్చేస్తుంది. అందరికీ తెలిసిన మంచి కబురు విలువ ధరలోకి ముందే చేరిపోతుంది. అందుకే ఈ లెక్కకు ఎప్పుడూ ఆ రోజు ధరనే వాడాలి. ధర మారినప్పుడల్లా పట్టికను మళ్లీ రాసుకోవాలి.