డ్రమ్ మెషిన్ ఎక్కడ తాళం తప్పుతోంది?

కంప్యూటర్‌లో 120, డ్రమ్ మెషిన్‌లోనూ 120 పెట్టాను. పాట మొదట్లో కలిసి ఉన్నవి చివరికి విడిపోతున్నాయి. ఎందుకు?

రెండింటి లోపలా ఉన్నవి వేర్వేరు గడియారాలు కాబట్టి. మెషిన్ 120 అని చూపిస్తూ నిజానికి 120.05 దగ్గర నడుస్తోందనుకోండి. ఐదు నిమిషాలు గడిచేసరికి అది 125 మిల్లీసెకన్లు ముందుకు పోతుంది. ఈ టెంపోలో బీటులో నాలుగో వంతు, అంటే ఒక సిక్స్‌టీన్త్ నోటు నిడివి, సరిగ్గా అంతే. కాబట్టి మెషిన్ తన సొంత గడియారాన్ని పక్కనపెట్టి కంప్యూటర్ మాట వినాలి. ఆ పనికే మిడీ క్లాక్ ఉంది.

మిడీ క్లాక్ టెంపో అంకెను పంపుతుందా?

పంపదు. పక్కన కూర్చుని తాళం వేసే మనిషి వేగం ఎంతో నోటితో చెప్పడు, చేత్తో వేస్తూ పోతాడు. మిడీ క్లాక్ కూడా అంతే: బీటుకు 24 టిక్కులు. 120 టెంపోలో ఒక్కో టిక్కుకు దాదాపు 20.8 మిల్లీసెకన్ల ఎడం. ఆ ఎడాన్ని బట్టి మెషినే వేగం లెక్కగట్టుకుంటుంది. అందుకే దాని తెరమీద 119.9, 120.1 అని అంకె ఊగుతుంటుంది. దానికి కంగారు పడనక్కర్లేదు.

ఎబుల్టన్ లైవ్‌లో ఎలా కలపాలి?

సెట్టింగ్స్‌లో మిడీ పేజీకి వెళ్లి, మెషిన్ ఉన్న అవుట్‌పుట్ పోర్టుకు `Sync` ఆన్ చేయండి. మెషిన్‌లో సింక్‌ను ఇంటర్నల్ నుంచి తీసి, కేబుల్ ఏదైతే దానికి, అంటే మిడీకో యూఎస్‌బీకో, మార్చండి. ఇప్పుడు లైవ్‌లో టెంపోను 90కి దించి ప్లే నొక్కండి. మెషిన్ కూడా నెమ్మదించిందా? లేకపోతే అది ఇంకా సొంత గడియారంతోనే నడుస్తోందన్నమాట. ‘టెంపో జారిపోతోంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇక్కడే జవాబు దొరుకుతుంది.

అన్నీ సరిగ్గానే పెట్టాను, ఇంకా తేడాగానే వినిపిస్తోంది.

చెవిని నమ్మకుండా రికార్డు చేసి చూడండి. మెషిన్‌లో రిమ్‌షాట్ లాంటి పదునైన శబ్దాన్ని ప్రతి బీటుకూ పెట్టి, లైవ్ టెంపోను మళ్లీ 120కి తెచ్చి, ట్రాక్ `Monitor`ను `Off`లో ఉంచి, ఐదు నిమిషాలు రికార్డు చేయండి. తరువాత మొదటి బార్‌నీ 129వ బార్‌నీ పెద్దవి చేసి, దెబ్బ గ్రిడ్ గీతకు ఎంత దూరంలో పడిందో కొలవండి. దూరం పెరుగుతూ పోతే సింక్ అసలు లేదు, లేదా మధ్యలో టిక్కులు పోతున్నాయి. అన్నిచోట్లా ఒకే దూరముంటే అది ఆలస్యం. ఒక దెబ్బ ముందు, మరో దెబ్బ వెనక పడుతుంటే అది వణుకు, మన స్టూడియోల మాటలో జిట్టర్. మూడూ చెవికి ఒకేలా అనిపించవచ్చు, మందులు మాత్రం వేరు.

ఆలస్యాన్ని సరిచేయడం సులువు. మొదటి బార్‌లో 15, 129వ బార్‌లోనూ 15 మిల్లీసెకన్లు వెనకబడిందనుకుందాం. అందులో ఆడియో ఇంటర్‌ఫేస్ వాటా ఎంతో ముందు తేల్చాలి. మెషిన్‌ను పక్కనపెట్టి, ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కేబుల్‌తో కలిపి, ఒక ట్రాక్‌లో ఉన్న క్లిక్ శబ్దాన్ని మళ్లీ రికార్డు చేయండి. అది 3 మిల్లీసెకన్లు వెనక పడితే, మెషిన్ వాటా 12. లైవ్‌లో ఆ పోర్టు కింద ఉండే `MIDI Clock Sync Delay`లో -12 పెడితే క్లాక్ అంత ముందుగా బయల్దేరుతుంది. మళ్లీ రికార్డు చేసి చూసుకోండి. మిగిలిన 3 రికార్డింగ్‌కు సంబంధించినవి, వాటిని క్లాక్‌తో సరిచేయకూడదు.

మరి వణుకు?

ఇది మొండిది. కంప్యూటర్ వేరే పనుల మధ్య టిక్కులు పంపుతుంది కాబట్టి వాటి ఎడం కాస్త చెదురుతుంది. మిడీ కేబుల్‌లో ఒక బైటు వెళ్లడానికి 0.32 మిల్లీసెకను పడుతుంది. నోట్‌కు సాధారణంగా మూడు బైట్లు. ఒకే పోర్టులో నోట్లు, నాబ్ కదలికలు గుంపుగా పోతుంటే టిక్కు వాటి సందులో ఇరుక్కోవచ్చు. కాబట్టి ఆ పోర్టును క్లాక్‌కే వదిలేయండి, లైవ్‌లో దాని `Track`ను ఆఫ్ చేయండి. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా కలపండి. ఆడియో బఫర్ తగ్గించి చూడండి. అప్పటికీ రెండుమూడు మిల్లీసెకన్ల ఊగిసలాట మిగిలితే, నా లెక్కలో చాలా పాటలకు అది ఫర్వాలేదు. ఒకే కిక్ శబ్దాన్ని మెషిన్‌లోనూ కంప్యూటర్‌లోనూ కలిపి వాడేవారికి మాత్రం అది చాలదు. వాళ్లకు ఈ-ఆర్‌ఎమ్ మల్టీక్లాక్ లాంటి పెట్టె అవసరం. డీఏడబ్ల్యూలోని ఒక ఆడియో ట్రాక్ నుంచి వచ్చే పల్స్‌ను బట్టి అది టిక్కులు తయారు చేస్తుంది. ఆడియో శాంపిళ్ల వరసలో వస్తుంది కాబట్టి కంప్యూటర్ హడావిడి దాన్ని తాకదు.

120 పెడితే మెషిన్ 240 చూపిస్తోంది!

యూఎస్‌బీ నుంచీ మిడీ కేబుల్ నుంచీ రెండుసార్లు క్లాక్ అందుతోంది. లైవ్‌లో ఒక పోర్టు `Sync` ఆపేయండి.