గాజు గోడలో ఆకాశమెంత, గది ఎంత

కర్టెన్ వాల్ అంటే భవనం బరువును మోయని గాజు తొడుగు. అల్యూమినియం ఫ్రేముల్లో బిగించిన గాజు పలకలు అంతస్తుల అంచులను పట్టుకుని నిలబడతాయి. హైదరాబాద్ హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లోని కార్యాలయ భవనాల్లో చాలావాటికి ఈ తొడుగే ఉంటుంది. అలాంటి భవనం కట్టక ముందే దాని రూపాన్ని కంప్యూటర్‌లో చిత్రించడాన్ని రెండరింగ్ అంటారు. ఈ చిత్రాల్లో ఎక్కువగా దెబ్బతినేది గాజే. కొన్ని పలకలు వెండి పూసిన అద్దాల్లా మెరుస్తాయి, కొన్ని నల్లగా మిగిలిపోతాయి, కొన్నిసార్లు గోడ మొత్తం ఒకే పెద్ద అద్దంలా కనిపిస్తుంది.

నిజమైన గాజు ఎంత వెలుతురును వెనక్కి తిప్పుతుందో దాని వక్రీభవన గుణకం చెబుతుంది. మామూలు గాజుకు ఇది సుమారు 1.52. ఎదురుగా నిలబడి చూస్తే ఒక్కో ఉపరితలం 4 శాతానికి కాస్త ఎక్కువ వెలుతురును తిప్పిపంపుతుంది. చూపు ఏటవాలయ్యే కొద్దీ ఇది పెరుగుతుంది. 60 డిగ్రీల వాలులో 9 శాతం, 80 డిగ్రీల దగ్గర 39 శాతం అవుతుంది. ఫ్రెనెల్ సూత్రం వివరించేది ఈ పెరుగుదలనే. వీధిలో నిలబడి పైకి చూసినప్పుడు కింది అంతస్తుల్లో గదులు, పై అంతస్తుల్లో ఆకాశం కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. కార్యాలయాల్లో వాడే రెండు పొరల గాజుకు నాలుగు ఉపరితలాలు ఉంటాయి కాబట్టి, పూత లేకపోయినా ఎదురుగా చూసినప్పుడు 15 శాతం దాకా ప్రతిఫలిస్తుంది.

ఈ 15 శాతం చిన్న సంఖ్యలా కనిపించినా పగటిపూట అదే గెలుస్తుంది. పది అంతస్తుల ఒక కార్యాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని గాజు 15 శాతం వెలుతురును తిప్పిపంపి, 60 శాతాన్ని అవతలికి పోనిస్తుందనుకుందాం. పగటి ఆకాశపు కాంతి తీవ్రత చదరపు మీటరుకు 4000 కాండెలాలైతే గాజు మీద కనిపించే ప్రతిబింబం 600. లోపల 500 లక్స్ దీపాల కింద లేత రంగు గోడ ఇచ్చేది దాదాపు 110 మాత్రమే. గాజు దాటి బయటికొచ్చేసరికి అది 66కు తగ్గుతుంది. ప్రతిబింబం దానికి తొమ్మిది రెట్లు కావడంతో గది కనిపించదు. సూర్యాస్తమయం తర్వాత ఆకాశం 40కి పడిపోతే ప్రతిబింబం 6 అవుతుంది. లోపలి 66 మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు దీపాలు, బల్లలు, మనుషులు అన్నీ బయటికి కనిపిస్తాయి.

అందువల్ల మధ్యాహ్నపు చిత్రంలో గాజు అద్దంలా ఉందని దాని ప్రతిఫలనాన్ని తగ్గించడం సరైన మందు కాదు. ఎండ, ఆకాశం, లోపలి దీపాలు మూడూ ఒకే కొలమానంలో ఉన్నాయో లేదో ముందు చూడాలి. లోపల ఖాళీ పెట్టె కాకుండా పైకప్పు, దీపాలు, బల్లలు, లేత రంగు బ్లైండ్లు ఉండాలి. గాజుకు దగ్గరగా ఎండ సోకే వస్తువులు, బ్లైండ్లు పగలు కూడా బయటికి కనిపిస్తాయి. చిత్రంలోని గాజుకు లోతు వచ్చేది వాటివల్లే. అంతస్తుల మధ్య కాంక్రీటు పలకను కప్పే స్పాండ్రెల్ గాజుకు వెనుక గది ఉండదు కాబట్టి దానికి వేరే మెటీరియల్ ఇవ్వాలి.

వెలుతురు సరిగా ఉన్నా మిగిలే దోషాలకు మూలం సాధారణంగా మోడల్ నిర్మాణంలో ఉంటుంది. చాలామంది వాడే బ్లెండర్ ప్రోగ్రాంలో, సైకిల్స్ రెండరర్‌తో దీన్ని గమనించవచ్చు. మందం లేని ఒకే పలకకు వక్రీభవన గాజు మెటీరియల్ ఇస్తే కాంతి కిరణం గాజులోకి వెళ్తుంది కానీ బయటికి రాదు. భవనం లోపలంతా ఘనమైన గాజే ఉన్నట్టు ప్రోగ్రాం లెక్కకడుతుంది. గది వంకరపోతుంది, ఎండ లోపలికి సరిగా చేరదు. దూరం నుంచి చూసే ముఖభాగానికి వక్రీభవనం అవసరమే లేదు. Transparent BSDF, Glossy BSDF రెండింటినీ Mix Shader తో కలిపి, వాటి పాళ్లను Fresnel నోడ్‌కు అప్పగిస్తే చాలు. ఎండ కూడా నేరుగా లోపలికి వెళ్తుంది. ఒక్క పలకే రెండు పొరల గాజు పనిచేయాలి కనుక Fresnel లోని IOR ను 2.26 చేస్తే ఎదురుగా 15 శాతం ప్రతిఫలనం వస్తుంది.

అసలు అద్దపు దోషం ఇక్కడే పుడుతుంది. ప్రతి పలకకూ ముందు ముఖం, వెనుక ముఖం ఉంటాయి. వెనుక ముఖం నుంచి చూస్తే, కిరణం గాజులోంచి గాలిలోకి వస్తోందని Fresnel నోడ్ భావించి గుణకాన్ని తలకిందులు చేస్తుంది. అప్పుడు సంపూర్ణాంతర పరావర్తనం మొదలవుతుంది. IOR 1.52 అయితే 41 డిగ్రీలు, 2.26 అయితే 26 డిగ్రీలు దాటిన ప్రతి చూపుకూ పలక నూరు శాతం అద్దమవుతుంది. పక్కపక్క పలకల్లో ఒకటి గదిని చూపిస్తూ, రెండోది అదే కోణంలో పూర్తి అద్దంలా ఉంటే ముఖం తిరగబడిందని అర్థం. Face Orientation ఆన్ చేస్తే వెనుక ముఖాలు ఎర్రగా కనిపిస్తాయి. ఎర్రగా ఉన్నవాటిని ఎడిట్ మోడ్‌లో ఎంచుకుని తిప్పేయాలి.

అన్నీ సరిచేసినా ఒక చిక్కు మిగులుతుంది. ముందు గోడ గుండా చూసే చూపు గదిని దాటి, అవతలి గోడను వెనుక ముఖం వైపు నుంచే తాకుతుంది. అక్కడ మళ్లీ అద్దం పుడుతుంది. భవనం మూలల్లో ఇది బాగా బయటపడుతుంది. Geometry నోడ్‌లోని Backfacing విలువతో, వెనుక ముఖానికి 2.26 బదులు దాని విలోమమైన 0.44 అందేలా చేస్తే నోడ్ తలకిందులు చేసినప్పుడు అది మళ్లీ 2.26 అవుతుంది. రెండు వైపులా ఒకే ప్రతిఫలనం వస్తుంది. చూపు అనేక పలకలు దాటే చోట నల్లమచ్చలు వస్తే Light Paths లోని Transparent సంఖ్యను పెంచాలి. మొదట అది 8గా ఉంటుంది.

చివరి దోషం మితిమీరిన నునుపు. కంప్యూటర్‌లో పలకలన్నీ ఒకే సమతలంలో ఉంటాయి కాబట్టి ప్రతిబింబం కీళ్ల మీదుగా తెగకుండా సాగిపోతుంది. నిజమైన గోడలో ప్రతి పలకా ఫ్రేములో కాస్త వేరుగా కూర్చుంటుంది. టఫెన్ చేసేటప్పుడు గాజులో అలలు ఏర్పడతాయి. రెండు పొరల మధ్య మూసి ఉన్న వాయువు పీడనం, బయటి గాలి పీడనం సమంగా లేకపోతే పలక ఉబ్బుతుంది లేదా లోపలికి వంగుతుంది. ఒక పలకను 0.2 డిగ్రీలు తిప్పితే ప్రతిబింబం 0.4 డిగ్రీలు జరుగుతుంది. వంద మీటర్ల దూరంలోని ఎదుటి భవనం ఆ పలకలో 70 సెంటీమీటర్లు పక్కకు జరిగి కనిపిస్తుంది. ప్రతి పలకకూ ఇంతమాత్రపు యాదృచ్ఛిక వాలు, చాలా పలుచని అల ఇస్తే కీళ్ల దగ్గర ప్రతిబింబం విరుగుతుంది. దీనికోసం గరుకుదనాన్ని పెంచకూడదు, పెంచితే అది మసకబారిన గాజవుతుంది. ప్రతిబింబించడానికి ఎదురుగా ఏదైనా ఉండడమూ అవసరమే. నేపథ్య ఆకాశచిత్రం అనంత దూరంలో ఉన్నట్టు లెక్కకొస్తుంది కాబట్టి, కెమెరా వెనుక ఎదుటి భవనాలను, చెట్లను సాదా ఆకారాలుగానైనా నిలపాలి.

దోషాన్ని బట్టే కారణాన్ని పట్టుకోవచ్చు. గోడంతా అద్దమైతే వెలుతురు లెక్కను చూడాలి. ఒక్కో పలక అద్దమైతే ముఖాల దిశను, మూలలు, అవతలి గోడ మాత్రమే మెరుస్తుంటే వెనుక ముఖపు గుణకాన్ని సరిచూడాలి. ప్రతిబింబం కీళ్ల దగ్గర తెగకపోతే పలకలకు వాలు ఇవ్వాలి.