బరువు చీటీలోని అంకె ఎవరిని గూర్చి చెబుతున్నది?



నేడు మన గ్రామాలలో ఉచిత వైద్య శిబిరం జరిగితే మొదట బరువు తూస్తారు, పిమ్మట గోడకు నిలబెట్టి ఎత్తు కొలుస్తారు. ఆ రెండింటినీ లెక్కకట్టి చీటీ మీద ఒక అంకె వేస్తారు. దానిని బాడీ మాస్ ఇండెక్స్ అంటారు. క్లుప్తంగా బి.ఎమ్.ఐ. ఆ అంకె 25 దాటితే అధిక బరువనీ, 30 దాటితే స్థూలకాయమనీ, 18.5కు తగ్గితే బక్కతనమనీ చెబుతారు. చీటీ అందుకున్నవారిలో కొందరు దిగులుతో, కొందరు నిశ్చింతతో ఇంటికి వెళతారు. అయితే ఆ దిగులుకూ ఆ నిశ్చింతకూ ఆ ఒక్క అంకె చాలునా? ఇది తెలియాలంటే అది ఎక్కడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో ముందుగా తెలుసుకోవాలి.

లెక్క చాలా సులభం. బరువును కిలోలలో తీసుకొని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 165 సెంటీమీటర్ల ఎత్తు, 62 కిలోల బరువు గల మనిషికి 62ను 1.65తో భాగించి, వచ్చినదానిని మరల 1.65తో భాగిస్తే సుమారు 22.8 వస్తుంది. ఈ లెక్కలో బరువూ ఎత్తూ తప్ప మరేమీ లేవని గమనించండి. ఆ బరువులో ఎముక ఎంత, కండ ఎంత, నీరు ఎంత, కొవ్వు ఎంత అనే ప్రశ్న ఇందులో ఎక్కడా లేదు.

నక్షత్రాలు చూచే మనిషి

ఈ లెక్కను మొదట కనుగొన్నది వైద్యుడు కాడు. ఆయన పేరు అడాల్ఫ్ కెట్లే. 1796లో ఇప్పటి బెల్జియం దేశంలోని ఘెంట్ పట్టణంలో జన్మించాడు. ఆయన గణిత శాస్త్రజ్ఞుడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు. బ్రస్సెల్స్ నగరంలో నక్షత్రశాలను స్థాపించాడు.

ఆ కాలపు ఖగోళ శాస్త్రజ్ఞులకు ఒక చిక్కు ఉండేది. ఒకే నక్షత్రం స్థానాన్ని పదిమంది కొలిస్తే పది రకాల కొలతలు వచ్చేవి. ఒకరు కొంచెం ఎక్కువ చెబితే మరొకరు కొంచెం తక్కువ చెప్పేవారు. అన్నింటినీ కూడి సగటు తీస్తే, ఎక్కువ తక్కువలు ఒకదానినొకటి కొట్టివేసుకొని, నక్షత్రం నిజ స్థానానికి దగ్గరగా ఉన్న కొలత మిగిలేది.

కెట్లే ఈ పద్ధతినే మనుష్యులకు వర్తింపజేశాడు. జననాలు, మరణాలు, వివాహాలు, నేరాలు, ఎత్తులు, బరువులు అన్నీ లెక్కించి, ఒక జనాంగంలోని "సగటు మనిషి" ఎలా ఉంటాడో తెలుసుకోగోరాడు. 1835లో వెలువడిన తన గ్రంథంలో ఈ సంగతులను వివరించాడు. ఆ పరిశీలనలోనే ఆయనకు ఒక విషయం కనబడింది. పెరుగుదల పూర్తయిన పెద్దవారిలో బరువు, ఎత్తు యొక్క వర్గాన్ని అనుసరించి మారుతున్నది.

ఇది వింతైన సంగతే. ఒక బిందెను అన్ని వైపులా రెండింతలు చేసి పోత పోస్తే, అందులో పట్టే నీరు రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. మనుష్యులు కూడా బిందెల వలె అన్ని వైపులా సమంగా పెరిగితే, ఎత్తుతో రెండుసార్లు కాదు, మూడుసార్లు భాగించవలసి వచ్చేది. కాని పొడుగువారు పొట్టివారికంటె అంత వెడల్పుగా ఉండరు. అందుచేత మొత్తం మీద రెండుసార్లు భాగించడమే లెక్కకు దగ్గరగా కుదిరింది. ఇది జనసమూహాన్ని చూచి తేల్చిన మాట. కెట్లే స్థూలకాయాన్ని గూర్చి ఆలోచించలేదు. ఎవరు ఆరోగ్యవంతులు, ఎవరు కారు అని తీర్పు చెప్పడానికి దీనిని తయారు చేయలేదు.

ఇంకొక సంగతి గమనించండి. ఆయన పద్ధతిలో సగటే ముఖ్యం. ఒక్కొక్క మనిషి ఆ సగటుకు ఎంత దూరంలో ఉన్నాడనేది నక్షత్రం కొలతలోని పొరపాటు వలె కొట్టివేయబడేది. అంటే ఏ విడి మనిషిని గూర్చి మనం నేడు అడుగుతున్నామో, ఆ మనిషి ఈ లెక్క పుట్టినప్పుడే లెక్కలోనుండి జారిపోయాడన్నమాట.

వైద్యంలోనికి ఎలా వచ్చింది?

ఇరవయ్యవ శతాబ్దంలో అమెరికా దేశపు జీవిత బీమా కంపెనీలు, మిక్కిలి బరువుగలవారు త్వరగా మరణిస్తున్నారని గ్రహించి, ఏ ఎత్తుకు ఎంత బరువు ఉండాలో పట్టికలు తయారు చేశాయి. అయితే ఆ పట్టికలు బీమా కొనగలిగినవారి కొలతల మీద ఆధారపడినవి.

అంతకంటె మంచి కొలత కోసం అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు అయిదు దేశాలలో ఏడువేలమందికి పైగా మనుష్యులను పరిశీలించారు. వారందరూ పురుషులే. చర్మాన్ని మడతగా పట్టి దాని మందం కొలిచి, కొవ్వును అంచనా వేశారు. ఎత్తు బరువుల లెక్కలలో ఏది ఆ కొవ్వుతో బాగా సరిపోతుందో చూచారు. కెట్లే లెక్కే మిగిలినవాటికి తీసిపోకుండా నిలిచింది. 1972లో ప్రచురించిన వ్యాసంలో వారు దీనికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టారు. ఇది పూర్తిగా తృప్తికరమైనదని వారు కూడా చెప్పలేదు. బరువు తూచే యంత్రం, ఎత్తు కొలిచే టేపు మాత్రమే ఉన్నచోట, ఉన్నవాటిలో ఇది మేలని మాత్రమే చెప్పారు.

వెయ్యిమందికి సరిపోయేది ఒక్కనికి ఎందుకు సరిపోదు?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఊరిలో ఇద్దరు ఉన్నారనుకోండి. ఇద్దరి ఎత్తూ 165 సెంటీమీటర్లే. ఒకడు రైసుమిల్లులో బస్తాలు మోసే హమాలీ. బరువు 72 కిలోలు, నడుము 82 సెంటీమీటర్లు. అతని అంకె సుమారు 26.4. చీటీ అతనిని అధిక బరువు అంటుంది. రెండవవాడు ఉదయం నుండి రాత్రి వరకు గల్లాపెట్టె దగ్గర కూర్చునే దుకాణదారు. బరువు 62 కిలోలు, నడుము 95 సెంటీమీటర్లు. అతని అంకె 22.8. చీటీ అతనికి ఏమీ భయం లేదంటుంది.

హమాలీ బరువు కండలోనిది. దుకాణదారు కొవ్వు పొట్టలో, లోపలి అవయవాల చుట్టూ చేరినది. షుగరు వ్యాధికి, గుండె జబ్బుకు దగ్గర దారి ఆ పొట్ట కొవ్వే. అంకె ఒకని విషయంలో లేని భయం కలిగించింది, మరొకని విషయంలో ఉన్న భయాన్ని దాచిపెట్టింది.

ఇప్పుడు ఆ ప్రాంతంలో వెయ్యిమందిని కొలిచామనుకోండి. హమాలీ వంటివారి పొరపాటు ఒకవైపు, దుకాణదారు వంటివారి పొరపాటు మరొకవైపు లాగి, చాలావరకు చెల్లిపోతాయి. పది సంవత్సరాల తరువాత అదే ప్రాంతంలో సగటు 21 నుండి 23కు పెరిగితే, ఊరంతా బస్తాలు మోసి కండలు పెంచిందని ఎవరూ అనుకోరు. కొవ్వు పెరిగిందనే గ్రహిస్తారు. అందుకే ప్రభుత్వాలకు ఈ అంకె ఎంతో ఉపయోగం. కాని ఒక్క మనిషి విషయంలో అతని పొరపాటును చెల్లించడానికి రెండవవాడు లేడు. ఆ పొరపాటు పూర్తిగా అతని మీదనే పడుతుంది.

ఇద్దరు డాక్టర్ల ఫోటో

ఇది కేవలం ఊహ కాదు. 2004లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు తమ ఫోటోనే ప్రచురించారు. ఒకరు పూనా నగరపు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండవవారు లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్. ఇద్దరి బి.ఎమ్.ఐ. ఒక్కటే, 22.3. ప్రత్యేకమైన ఎక్స్‌రే యంత్రంతో కొలిస్తే, యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. అరవై కిలోల మనిషిలో ఇది సుమారు ఐదున్నర కిలోలకూ పన్నెండుముప్పావు కిలోలకూ మధ్యగల తేడా వంటిది. యుడ్కిన్ మారథాన్ పరుగులు తీసేవారు. యాజ్ఞిక్ వ్యాయామమల్లా ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకోకముందే పరుగెత్తి ఎక్కడమేనని వారు సరదాగా వ్రాసుకున్నారు.

అయితే కారణం వ్యాయామం ఒక్కటే కాదు. యాజ్ఞిక్ బృందం పూనా పరిసర గ్రామాలలోని నవజాత శిశువులను ఇంగ్లాండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చింది. మన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడివారిది 3.5 కిలోలు. బరువు అంత తక్కువైనా, మన శిశువుల వీపు చర్మం క్రింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తగ్గినది కండ. సన్నగా కనబడుతూనే కొవ్వు గల దేహం మనలో పుట్టుకతోనే మొదలవుతున్నదన్నమాట.

ఇక్కడ ఇంకొక పరిమితి బయటపడుతున్నది. ఒక జనాంగమంతా ఒకేవైపు భిన్నంగా ఉంటే, సగటు తీసినా పొరపాటు చెల్లిపోదు. అందుకే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియావాసుల విషయంలో 23 నుండే జాగ్రత్త పడాలని సూచించారు. 2009లో భారత దేశపు వైద్య నిపుణులు మనకు 23ను అధిక బరువుకు, 25ను స్థూలకాయానికి గీతలుగా పెట్టారు. గీతను మార్చినా మన దుకాణదారు 22.8తో దానికి క్రిందనే ఉన్నాడు చూడండి!

చీటీ వచ్చిన తరువాత ఏమి చేయాలి?

మొదట నడుము కొలవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్య, చర్మం మీదనే టేపు వేయాలి. పంచె లేక చీర కుచ్చిళ్ళు దోపుకునే చోట కాదు. ఊపిరి మామూలుగా విడిచి, పొట్ట లోపలికి లాగకుండా, టేపు బిగించకుండా చూడాలి. భారతీయ పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే, అంకె ఎంత చక్కగా ఉన్నా షుగరు, రక్తపోటు పరీక్ష చేయించుకోవడం మంచిది. 2025లో లాన్సెట్ నియమించిన నిపుణుల కమిషన్ కూడా, ఒక వ్యక్తికి స్థూలకాయం ఉన్నదని ఒక్క బి.ఎమ్.ఐ.ని బట్టి నిర్ణయించక, నడుము కొలతతోనో కొవ్వు కొలతతోనో సరిచూచుకోవాలని చెప్పింది. 40 దాటినంత పెద్ద అంకెకు మాత్రం వేరే రుజువు అక్కరలేదన్నది.

గీతకు అటూ ఇటూ ఉన్న చిన్న తేడాకు కలవరపడవద్దు. 165 సెంటీమీటర్ల మనిషికి 25 అంటే 68 కిలోలు. భోజనానికి ముందు 67.8 ఉన్నవాడు తిని నీళ్ళు త్రాగి తూగితే గీత దాటిపోతాడు. అతని ఆరోగ్యం ఆ గంటలో మారలేదు.

గర్భిణీ స్త్రీలకు ఈ గీతలు వర్తించవు. పిల్లలకు వయస్సును బట్టి వేరే పట్టికలు ఉన్నాయి. వృద్ధులలో కండ కరిగి కొవ్వు చేరినా బరువు మారకపోవచ్చు. వెన్ను వంగి ఎత్తు తగ్గితే, బరువు పెరగకుండానే అంకె పెరుగుతుంది. కాళ్ళకు నీరు పట్టినవారిలో ఆ నీటి బరువు కూడా అంకెలో కలుస్తుంది.

అలాగని చీటీని పారవేయకండి. తేదీ వేసి దాచుకోండి. ఒకే మనిషి అంకె సంవత్సరం తరువాత సంవత్సరం ఎలా మారుతున్నదో చూస్తే, అది ఇతరులతో పోల్చినదానికంటె ఎక్కువ చెబుతుంది. 18.5కంటె తక్కువ ఉన్నా, ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గిపోతున్నా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. క్షయ గాని, షుగరు గాని అలా మొదట కనబడవచ్చు. మన హమాలీ మాత్రం, చీటీ చూచి తన అన్నం తగ్గించుకోవలసిన పని లేదు. ముందు టేపు తీసి నడుము కొలవమనండి.