ఒక్క మార్పిడితో తీరిన తొమ్మిది తారుమారులు

4, 7, 2, 8, 5, 3, 6, 1. ఈ ఎనిమిది అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెట్టాలి. మనకైతే చూడగానే తెలిసిపోతుంది. కంప్యూటరుకు ఆ సౌకర్యం లేదు. అది ఒకసారికి రెండంకెలను పోల్చి చూస్తుంది, అవసరమైతే వాటి చోట్లు మారుస్తుంది. పోలిక, మార్పిడి అనే ఈ రెండు పనులతోనే నడిచే పద్ధతుల్లో కంప్యూటర్ విద్యార్థులకు ముందుగా చెప్పేది బబుల్ సార్ట్.

ఇందులో ఎడమ చివర మొదలుపెట్టి పక్కపక్కన ఉన్న జతలను ఒక్కొక్కటే చూసుకుంటూ పోతారు. ఎడమది పెద్దదైతే రెండింటినీ అటూ ఇటూ మారుస్తారు. మొదటి విడతలోనే 8 దొర్లుకుంటూ కుడి చివరకు చేరిపోతుంది. వరస 4 2 7 5 3 6 1 8 అవుతుంది. పెద్ద అంకెలు ఇలా ఒక్క ఊపున గమ్యం చేరతాయి కాబట్టి వాటిని కుందేళ్లంటారు. ఇప్పుడు చివర ఉన్న 1ని చూడండి. విడత మొత్తం ముగిసినా అది కదిలింది ఒక్క అడుగే. ఇలాంటి వాటికి తాబేళ్లని పేరు. అది ఏడడుగులు వెనక్కి రావాలి గనుక ఏడు విడతలూ పూర్తిగా తిరగాల్సిందే. తన చోటికి చేరిపోయిన అంకెలను మళ్లీ ముట్టుకోకుండా లెక్కేసినా మొత్తం 28 పోలికలు, 17 మార్పిడులు.

ఈ 17 ఎక్కడిది? మొదటి వరసలో పెద్దది ముందు, చిన్నది వెనక ఉన్న జతలను లెక్కపెట్టండి. 4 తర్వాత 2, 3, 1 ఉన్నాయి కాబట్టి మూడు. 7 తర్వాత దానికన్నా చిన్నవి ఐదు. 2 వెనక ఒకటి, 8 వెనక నాలుగు, 5 వెనక రెండు, 3 వెనక ఒకటి, 6 వెనక ఒకటి. కూడితే సరిగ్గా 17 తారుమారు జతలు. పక్కపక్కనున్న రెండంకెలను మారిస్తే ఆ రెండింటి మధ్య తగువు తీరుతుందే గానీ మిగతా వాటితో వాటి సంబంధం మారదు. అంటే ఒక మార్పిడికి ఒక్క తారుమారే తగ్గుతుంది. పక్కవాటినే మార్చే పద్ధతి ఎంత తెలివిగా తిరిగినా 17కు తగ్గే దారి లేదు.

నోమ్ సార్ట్ ఈ మాటకు మంచి సాక్ష్యం. ఇరాన్‌కు చెందిన హమీద్ సర్బాజీ ఆజాద్ 2000లో దీన్ని ప్రతిపాదించినప్పుడు మొహమాటం లేకుండా ‘స్టుపిడ్ సార్ట్’ అన్నారు. తర్వాత నెదర్లాండ్స్ శాస్త్రవేత్త డిక్ గ్రూన్ దీనికి తోటల్లో బొమ్మగా పెట్టే మరుగుజ్జు ‘నోమ్’ పేరు పెట్టారు. ఆ మరుగుజ్జు పూలకుండీల వరస ముందు నిలబడి తన ముందున్న కుండీని, దాని వెనక కుండీని చూస్తాడు. సరిగా ఉంటే ఒకడుగు ముందుకు, లేదంటే రెండింటినీ మార్చి ఒకడుగు వెనక్కి. వరస మొదట్లో నిలబడితే వెనక కుండీ ఉండదు కాబట్టి ఏమీ చూడకుండా ముందుకే. అతనికి తెలిసింది ఇంతే. పైథాన్‌లో రాస్తే ఇంకా పొట్టి:

```python
i = 0
while i < len(a):
    if i == 0 or a[i] >= a[i-1]:
        i += 1
    else:
        a[i], a[i-1] = a[i-1], a[i]
        i -= 1
```

మన జాబితా మీద నడిపితే, 2ను రెండు మార్పిడులతో ముందుకు తెస్తాడు. 5కు రెండు, 3కు నాలుగు, 6కు రెండు. ఆపాటికి వరస 2 3 4 5 6 7 8 1గా ఉంటుంది. చివరి 1 కోసం ఏడు మార్పిడులు చేస్తూ వెనక్కి నడుస్తాడు. మొత్తం మళ్లీ అదే 17. అయితే ఇతనికి గుర్తుంచుకోవడం చేతకాదు. ఎక్కడి నుంచి వెనక్కి వచ్చాడో తెలియదు కాబట్టి, అప్పటికే కుదురుకున్న వరసను ఇంకోసారి పోలుస్తూ ముందుకు నడుస్తాడు. 1ని చోటు చేర్చాక ఇలా ఊరికే చేసినవి ఏడు పోలికలు. మొత్తం పోలికలు 39. బబుల్ సార్ట్ కన్నా పదకొండు ఎక్కువ.

పై కోడ్‌లో `>=` బదులు `>` రాశారంటే ప్రోగ్రామ్ ఆగదు. సమానమైన రెండంకెలు ఎదురైతే వాటిని మార్చి వెనకడుగు వేస్తుంది, మళ్లీ ముందుకొచ్చి అవే రెండింటినీ మారుస్తుంది. అన్నీ వేర్వేరు అంకెలున్న మన జాబితాలో ఈ తప్పు అసలు బయటపడదు. పరీక్షించేటప్పుడు ఒక అంకెను రెండుసార్లు ఇవ్వాలి.

కోంబ్ సార్ట్ మాత్రం ఆ 17 దగ్గర ఆగదు. పోలండ్‌కు చెందిన వ్వొజీమియెష్ దొబొషియెవిచ్ 1980లో దీన్ని కనిపెట్టారు. 1991లో స్టీఫెన్ లేసీ, రిచర్డ్ బాక్స్ ‘బైట్’ పత్రికలో రాశాక పేరుకెక్కింది. పక్కవాటిని కాకుండా దూరంగా ఉన్నవాటిని పోల్చడం ఇందులో కిటుకు. చిక్కుపడ్డ జుట్టును ముందు వెడల్పు పళ్ల దువ్వెనతో, చివరకు పేల దువ్వెనతో దువ్వినట్టు, దూరాన్ని విడతవిడతకూ 1.3తో భాగించి తగ్గిస్తూ పోతారు. ఈ 1.3 సిద్ధాంతం చెప్పిన సంఖ్య కాదు, వాళ్లిద్దరూ ప్రయోగాలు చేసి తేల్చింది.

ఎనిమిదిని 1.3తో భాగించి దశాంశం వదిలేస్తే 6. ఆరు చోట్ల ఎడంలో ఉన్న జతలు రెండే. 4, 6 సరిగానే ఉన్నాయి. 7, 1 తారుమారుగా ఉన్నాయి కాబట్టి మార్చాలి. వరస 4 1 2 8 5 3 6 7 అయింది. బబుల్ సార్ట్‌ను ఏడు విడతలు తిప్పిన తాబేలు ఒక్క గెంతులో ఆరడుగులు దాటేసింది. తారుమారులు మళ్లీ లెక్కపెడితే 17 కాస్తా 8కి పడిపోయాయి. 7, 1 మధ్యలో ఉన్న 2, 5, 3, 6 ఒక్కొక్కటీ ఆ రెండింటితోనూ గొడవపడుతున్నవే. ఆ ఎనిమిది తగువులూ, 7కూ 1కీ మధ్య ఉన్నదీ కలిపి ఒకే దెబ్బకు తొమ్మిది తీరాయి.

ఆ తర్వాత దూరం 4, 3, 2, 1. నాలుగులో 8, 7 మారతాయి. మూడులో 7, 6. రెండులో 4, 2 మారి, తర్వాత 6, 3 మారతాయి. అప్పటికి 2 1 4 3 5 6 7 8. దూరం 1కి వచ్చాక రెండు మార్పిడులతో పని పూర్తి. మొత్తం ఏడే మార్పిడులు.

పోలికలు మాత్రం 31, బబుల్ సార్ట్ కన్నా మూడెక్కువ. దూరం 1కి చేరాక మార్పిడి లేని విడత ఒకటి వచ్చేదాకా ఆపకూడదన్నది నియమం, అందుకే చివర్లో ఏడు పోలికలు నిర్ధారణకే పోయాయి. దూరం 1కి రాగానే ఒక్కసారి తిప్పి ఆపేసే కోడ్ మన జాబితాను సరిగ్గానే సర్దుతుంది, ఇంకో జాబితా దగ్గర దొరికిపోతుంది. కోంబ్ సార్ట్ సత్తా చూడాలంటే ఎనిమిది చాలవు. వెయ్యి అంకెలుంటే బబుల్ సార్ట్‌కు పోలికలే దాదాపు 5 లక్షలవుతాయి. కోంబ్ సార్ట్‌లో 769 నుంచి 1 దాకా దూరాలు 22, ఒక్కో విడతకు పోలికలు వెయ్యికి లోపే. చివరి విడతలు కొన్ని పెరిగినా లెక్క వేలల్లోనే ఉంటుంది. మొండి జాబితా తగిలితే ఇదీ బబుల్ సార్ట్ లాగే ఈడుస్తుంది, కానీ అది అరుదు.

దూరపు గెంతులకు ఇంకో ఖర్చుంది. హాల్ టికెట్ నంబర్ల వరసలో ఉన్న పిల్లల్ని మార్కుల వారీగా సర్దితే, సమాన మార్కులవాళ్లు బబుల్, నోమ్ పద్ధతుల్లో నంబర్ల వరసలోనే ఉంటారు. కోంబ్ సార్ట్‌లో ఒకరిని దాటి ఒకరు గెంతేస్తారు, ఆ వరస చెదిరిపోవచ్చు.

ఇక ముప్పాతిక మువ్వీసం సర్ది ఉన్న జాబితా ఇస్తే ఫలితం తిరగబడుతుంది. 1 2 3 5 4 6 7 8 ఇవ్వండి. ఒక్కటే తారుమారు. బబుల్ సార్ట్ 13 పోలికల్లో ముగిస్తుంది. కోంబ్ సార్ట్ దూరాలన్నీ వరసగా తిరగాల్సిందే కాబట్టి ఇక్కడా 31. మరుగుజ్జు నడుస్తూ వెళ్లి, 5, 4లను మార్చి, ఒకడుగు వెనక్కి వేసి మళ్లీ ముందుకు సాగిపోతాడు. అతనికి 9 చాలు.