ఆ 97 శాతం ఎక్కడిది?

బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు వైవాలో గైడ్ అడిగే ప్రశ్నలు పిల్లలకు కొత్త కాదు, ఏడాది పొడవునా విన్నవే. గుబులంతా బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గురించే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బ్యాచ్ వెనుక బ్యాచ్‌ను చూడాల్సిన మనిషికి లావుపాటి రిపోర్టు చదివే తీరిక ఎక్కడుంటుంది? టైటిల్ చూస్తాడు, అబ్‌స్ట్రాక్ట్ మీద కళ్లు పరుగెత్తిస్తాడు, రిజల్ట్స్ పేజీ తిప్పి అక్కడి పెద్ద అంకె మీద వేలు పెడతాడు.

"ఇదెలా వచ్చింది బాబూ?"

ఏటా చాలా కాలేజీల్లో కనిపించే ప్రాజెక్టునే తీసుకుందాం: ఆకు ఫోటో చూసి తెగులు చెప్పే ప్రోగ్రాం. నలుగురు కలిసి ఆలుగడ్డ ఆకులతో చేశారనుకుందాం. ఫోటోలు ప్లాంట్‌విలేజ్ అనే ఉచిత డేటాసెట్‌లోవి. అక్యురసీ 97 శాతమని స్లైడ్ మీద ఎర్రటి అక్షరాల్లో వేశారు. ఎర్ర రంగు వేయడమంటే ఎగ్జామినర్‌ను అక్కడికే పిలవడం!

ఆ డేటాసెట్‌లో ఆలుగడ్డకు ముందు వచ్చే ఎండు తెగులు ఫోటోలు 1000, ఆలస్యంగా వచ్చే ఎండు తెగులువి మరో 1000 ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న ఆకులవి 152 మాత్రమే. పరీక్షకు ఐదో వంతు పక్కన పెడితే దాదాపు 200, 200, 30 వస్తాయి. ఇప్పుడు ఎగ్జామినర్ ఇలా అడగొచ్చు: "మీ ప్రోగ్రాం ఏ ఆకునూ 'బాగుంది' అనకుండా, తెగుళ్లు రెండూ సరిగ్గా చెప్పిందనుకో. అక్యురసీ ఎంత?" 430లో 400 ఒప్పు, అంటే 93 శాతం. మంచి ఆకును గుర్తించడమే రాని ప్రోగ్రాం కూడా ఫస్ట్ క్లాసులో పాసైపోతుందన్నమాట.

బ్యాచ్ చెప్పిన 97 శాతంలో తప్పులు 13. అవన్నీ ఆ 30 మంచి ఆకుల మీదే పడి ఉంటే, దాదాపు సగం మంచి ఆకులకు ప్రోగ్రాం తెగులు అంటగట్టినట్టే. రైతు దాన్ని నమ్మితే అక్కర్లేని మందు కొడతాడు. కాబట్టి ఏ రకం ఆకును ఏ రకంగా పొరబడిందో చూపే పట్టిక, అదే కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్, స్లైడ్ల చివర సిద్ధంగా ఉండాలి. తప్పులు ఎటు పడ్డాయో ఎగ్జామినర్ కంటే ముందు బ్యాచ్‌కు తెలియాలి.

రెండో ప్రశ్న దీనికంటే గట్టిది: "పొలంలో తీసిన ఫోటో ఇస్తే?" ప్లాంట్‌విలేజ్ ఆకులు కోసి, సాదా నేపథ్యం మీద పెట్టి తీసినవి. 2016లో అదే డేటాసెట్ మీద పరిశోధకులు 99 శాతం పైన సాధించారు. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇచ్చేసరికి అది 31 శాతానికి జారింది, ఆ సంగతి వాళ్లే తమ పేపర్లో రాసుకున్నారు. తర్వాత ఇంకొకరు ఆకును పూర్తిగా వదిలేసి, ఫోటో నేపథ్యంలోని 8 పిక్సెళ్లు మాత్రమే ఇచ్చి చూశారు. 38 రకాల మధ్య గుడ్డిగా చెబితే మూడు శాతం కూడా రావు, ఆ ప్రోగ్రాంకు 49 వచ్చాయి. అంటే అది కొంతవరకు ఆకును కాక బల్లను గుర్తుపడుతోంది.

ఈ ప్రశ్నకు నోటి జవాబు పనికిరాదు, సొంత ఫోటోలు కావాలి. చిక్కేమిటంటే వైవా ఎండాకాలంలో, ఆలుగడ్డ శీతాకాలం పంట. జహీరాబాద్ వైపు పొలాల్లో ఆకు పచ్చగా ఉండేది డిసెంబరులో. ఏప్రిల్‌లో బస్సెక్కితే దున్నిన మడులే కనిపిస్తాయి. కాబట్టి ఈ ప్రశ్నను ఊహించాల్సింది వైవా ముందు రాత్రి కాదు, మొదటి రివ్యూ అయిన వారంలోనే. ఊహించడానికి పెద్ద చిట్కా ఏమీ లేదు. స్లైడ్ల మీదున్న ప్రతి అంకె పక్కన ఏ ఫోటోల మీద వచ్చింది, ఏది మారిస్తే పడిపోతుంది అని రాసుకుంటూ పోతే, జవాబు రాయలేక పెన్ను ఆగిన చోటే ప్రశ్న ఉంటుంది. అప్పుడు కూడా రిపోర్టు రాసినవాడు కోడ్ గురించి, కోడ్ రాసిన అమ్మాయి డేటా గురించి చెప్పాలి. ఎగ్జామినర్ చూపు వెనకాల నిలబడ్డవాడి మీదే పడుతుంది మరి.

మన బ్యాచ్ డిసెంబరులో వెళ్లి 40 ఫోటోలు తెచ్చుకుందనుకుందాం. వైవా రోజు ఆ ప్రశ్న రానే వచ్చింది.

"పొలం ఫోటోలు 40 ఇచ్చాం సార్. 22 సరిగ్గా చెప్పింది."

ఎగ్జామినర్ టీ కప్పు పక్కన పెట్టి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"తప్పిన 18 ఉన్నాయా? ఏవీ, తెరువు."