మైండ్ మ్యాప్ ఛాయాచిత్రం నుంచి అధ్యాయ ప్రణాళిక: శంషాబాదు ఉదాహరణ

ఉపోద్ఘాతం:

పరిశోధనాంశాన్ని కాగితంపై మైండ్ మ్యాప్‌గా గీసి, ఫోనుతో ఛాయాచిత్రం తీసుకోవడం పరిశోధకులలో కనిపించే అలవాటు. దానిని సిద్ధాంత గ్రంథపు అధ్యాయ ప్రణాళికగా మార్చేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. పటంలో ఒక అంశం ఎన్ని అంశాలతోనైనా కలవవచ్చు. శీర్షికల క్రమంలో మాత్రం ప్రతి ఉపశీర్షికకూ ఒకే పై శీర్షిక ఉంటుంది. అందువల్ల మార్పులో కొన్ని సంబంధాలు జారిపోయే ప్రమాదం ఉంది.

గీతల లెక్క:

2008లో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత శంషాబాదులో వచ్చిన మార్పులపై ఒక పటాన్ని ఊహించవచ్చు. దానిలో కేంద్రం ఒకటి, ప్రధాన శాఖలు మూడు, ఉపశాఖలు ఏడు. మొత్తం 11 అంశాలు. ప్రతి అంశానికీ ఒకే పై అంశం ఉంటే వాటిని కలిపే గీతలు 10 మాత్రమే ఉండాలి. ఛాయాచిత్రంలో 12 గీతలు కనిపిస్తే, శీర్షికల క్రమంలో ఇమడని సంబంధాలు రెండు ఉన్నాయని అర్థం. ఈ లెక్క సరిగా రావాలంటే చిత్రాన్ని కాగితానికి నిటారుగా పైనుంచి, నాలుగు అంచులూ కనిపించేటట్లు తీయాలి. అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ సాధారణంగా పదాలను వరుసలుగా చదువుతుంది. ఏ పదం ఏ శాఖకు చెందిందో గీతల వెంట వెళ్లి పరిశోధకుడే నిర్ణయించాలి.

స్థాన నిర్ణయం:

అదనపు గీతలలో ఒకటి బాహ్య వలయ రహదారిని భూమి ధరతో కలుపుతుంది. ఈ రెండింటికీ వేర్వేరు స్థానాలు ముందే ఉన్నాయి కనుక, ఒకచోట ‘చూడుము’ అన్న సూచన సరిపోతుంది. రెండవది క్లిష్టమైనది. ‘కౌలు రైతులు’ అన్న అంశానికి భూసేకరణ నుంచీ జీవనోపాధి నుంచీ గీతలున్నాయి. భూసేకరణ కింద చేర్చితే వారు పరిహార చర్చలో ఒక భాగమవుతారు. జీవనోపాధి కింద చేర్చితే, పట్టా లేకుండా సాగు చేసినవారు కోల్పోయినదేమిటన్నది అధ్యాయానికి ప్రధాన ప్రశ్న అవుతుంది. పరిశోధన ఆశయం రెండవదైతే ప్రణాళిక ఇలా ఉంటుంది:

```
# విమానాశ్రయానంతర శంషాబాదు
## 1. భూసేకరణ
### 1.1 పరిహారం
### 1.2 భూమి ధర (చూ. 2.2)
## 2. రవాణా
### 2.1 విమానాశ్రయం
### 2.2 బాహ్య వలయ రహదారి
### 2.3 ఎక్స్‌ప్రెస్‌వే
## 3. జీవనోపాధి
### 3.1 కౌలు రైతులు (చూ. 1)
### 3.2 కొత్త ఉద్యోగాలు
```

పరిశీలన:

శీర్షికలు 11, సూచనలు 2. పటంలోని అంశాలతోనూ అదనపు గీతలతోనూ ఈ సంఖ్యలు సరిపోయాయి. శీర్షిక తగ్గితే ఒక అంశం జారిపోయినట్లు; సూచన తగ్గితే ఒక సంబంధం పోయినట్లు. అయితే సంఖ్యలు సరిపోయినా ఒక అంశం తప్పు శాఖ కింద చేరి ఉండవచ్చు. అందుకని చివర ప్రతి ఉపశీర్షిక నుంచి దాని గీత వెంట కేంద్రం దాకా వెనుకకు చదివి చూడాలి.

ముగింపు:

శీర్షికల వరుసను పటం నిర్ణయించదు. శాఖలు కేంద్రం చుట్టూ ఉంటాయి కాబట్టి వాటిలో ఏది మొదటిదో చిత్రం చెప్పదు. పై ప్రణాళికలో భూసేకరణ ముందు రావడానికి కారణం కాలక్రమం. ఆ కారణాన్ని ఉపోద్ఘాతంలో ఒక వాక్యంగా నమోదు చేస్తే, అధ్యాయాల వరుసకు సమర్థన గ్రంథంలోనే లభిస్తుంది.